మేనేజరు గారి పై మేనేజరు గారికి మేము రాసిన ఉత్తరం

(మండల సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



బ్యాంకులో మా సంఘానికి వచ్చిన ఇబ్బంది ఎలా సర్దుకుందో నలుగురికీ చెప్పమని సమాఖ్య వాళ్లు అడిగారు. మేము పదో తరగతి వరకే చదువుకున్నాం. ప్రసంగాలు రావు. జరిగింది జరిగినట్టు చెబుతాం. మా తప్పులు కూడా చెబుతాం, ఎందుకంటే అవి దాచిపెడితే మిగతాది మీకు పనికి రాదు.

మా సంఘంలో పదకొండు మందిమి. బ్యాంకు లింకేజీ కింద 5 లక్షల అప్పు తీసుకున్నాం. నెలకు 16,500 కంతు. ప్రతి నెలా 10వ తేదీలోపు కట్టాలి, మేము ఆరు ఏడు తేదీల్లోనే కట్టేస్తాం. ఒక్క నెల కూడా తప్పలేదు. అలాంటిది ఏప్రిల్ నెలలో యానిమేటరు ఓవర్‌డ్యూ లిస్టు తెచ్చి చూపిస్తే అందులో మా సంఘం పేరు ఉంది. రెండు కంతులు, 33,000 బాకీ అని ఉంది. మాకు కాళ్లు చల్లబడ్డాయి. డబ్బు వసూలు చేసి బ్యాంకుకు తీసుకెళ్లేది మేమే కదండీ. సభ్యులు ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ ఆ వారం మీటింగులో అందరూ మా ముఖాల్లోకే చూశారు.

సంగతి ఏమిటంటే, ఫిబ్రవరిలో కట్టిన కంతు, మార్చిలో కట్టిన కంతు రెండూ పక్క ఊరి సంఘం అప్పు ఖాతాలో పడ్డాయి. ఆ సంఘం పేరూ మా సంఘం పేరూ ఒకటే. మన మండలంలో దుర్గలు ఎంతమంది, లక్ష్ములు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. పేరు పెట్టేటప్పుడు దేవుడి పేరు బాగుంటుందనుకున్నాం, ఇంత చిక్కు ఉంటుందని ఎవరికి తెలుసు?

బాకీ ఉన్నట్టు కనపడితే మూడు నష్టాలు. కంతులు టైముకు కట్టిన సంఘానికే సున్నా వడ్డీ. అది పోతుంది. కొత్త అప్పు ఇవ్వరు. మా సభ్యురాలు ఒకామె కూతురికి నర్సింగు కాలేజీ ఫీజు కోసం ఆ కొత్త అప్పు మీదే ఆశ పెట్టుకుని ఉంది. మూడోది ఇంకా భయం. ఆ తర్వాత మేము కట్టిన ప్రతి కంతూ పాత బాకీకే జమ అవుతుంది. అంటే ఎన్ని నెలలు కట్టినా మేము రెండు కంతులు వెనకే ఉంటాం. ఏదైనా ఒక నెల నిజంగానే ఆలస్యమైతే 90 రోజుల గీత దగ్గరికి వచ్చేస్తాం. 90 రోజులు దాటితే మొండి బాకీ కింద రాస్తారు.

ఏప్రిల్, మే నెలల్లో మూడుసార్లు బ్రాంచికి వెళ్లాం. మేనేజరు గారు కూర్చోబెట్టి మాట్లాడారు, "చూస్తానమ్మా" అన్నారు. మే నెలాఖరుకు ఆయనకు ట్రాన్స్‌ఫరు అయింది. జూన్‌లో కొత్త మేనేజరు గారు వచ్చారు. ఆయనకు మా సంగతే తెలియదు. ఎలా తెలుస్తుంది? మూడుసార్లు వెళ్లి నోటితో చెప్పి వచ్చాం గానీ ఒక్క కాగితం ముక్క ఇవ్వలేదు. రెండు నెలలు తిరిగిన తిరుగుడంతా ఆ పాత సారుతోపాటే వెళ్లిపోయింది.

అప్పుడు సంఘంలో రెండు మాటలు వచ్చాయి. సోమవారం కలెక్టరు గారి అర్జీల రోజున వెళ్లి దండం పెడదామని కొందరు, బ్యాంకు రీజినల్ ఆఫీసుకు పోయి ఈ బ్రాంచి వాళ్ల మీద చెబుదామని కొందరు. మేము వద్దన్నాం. మంచితనం కొద్దీ కాదు, అంతకు ముందు ఒకసారి చేయి కాల్చుకున్నాం కనుక.

అది రెండేళ్ల నాటి మాట. లీడర్లు మారినప్పుడు బ్యాంకులో సంతకాలు మార్పించాలి కదా. నాలుగు నెలలైనా మార్చలేదు. మండలంలో బ్యాంకర్ల మీటింగు జరిగింది, పై అధికారులు వచ్చారు. మేము లేచి నిలబడి, అందరి ముందూ, "మా బ్రాంచిలో పని చేయడం లేదు సార్" అనేశాం. చప్పట్లు కూడా కొట్టారు. పని నాలుగు రోజుల్లో అయింది. కానీ ఆ తర్వాత ఏడాది పాటు మా కాగితం ఏది వెళ్లినా తిరిగి వచ్చేది. జిరాక్సు సరిగా లేదని ఒకసారి, తీర్మానంలో తేదీ కొట్టేసి ఉందని ఒకసారి. వాళ్లు అనేది అబద్ధం కాదు. అంతకు ముందు చూసీ చూడనట్టు పోయేవి ఇప్పుడు చూస్తున్నారు, అంతే. పైగా తర్వాత తెలిసిందేమిటంటే ఆ సంతకాల కాగితాల్లో మా వాళ్లవి రెండు ఆధార్ జిరాక్సులు లేవట. "ఎందుకు ఆగింది సార్" అని మేము ఒక్కసారైనా అడిగి ఉంటే చెప్పేవారు. అడగకుండా పదిమందిలో పరువు తీశాం.

అందుకని ఈసారి ముందు మా ఇంట్లో లెక్క చూసుకున్నాం. కౌంటర్ ఫాయిళ్లు, పాస్‌బుక్కు, తీర్మానం పుస్తకం, బ్యాంకు నుంచి తెచ్చుకున్న అప్పు ఖాతా స్టేట్‌మెంటు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. తొమ్మిదో తరగతి చదివే మా సభ్యురాలి కొడుకు ఒక్కొక్క అంకె పైకి చదివాడు. ఫిబ్రవరి 6 స్లిప్పు మీద మా ఖాతా నంబరు సరిగ్గానే ఉంది. మార్చి 7 స్లిప్పు చదివేటప్పుడు ఆ పిల్లాడు ఆగిపోయాడు. చివరి నుంచి రెండో అంకె తప్పు. ఆ స్లిప్పు రాసింది మేమే.

అక్కల్లారా, ఆ రోజు మేము కలెక్టరు గారి దగ్గరికో రీజినల్ ఆఫీసుకో వెళ్లి "బ్యాంకు వాళ్లు మా డబ్బు రెండుసార్లు తప్పు ఖాతాలో వేశారు" అని చెప్పి ఉంటే ఏమయ్యేది? వాళ్లు స్లిప్పులు తీయించి ఉంటే ఒకటి మా తప్పేనని తేలి, రెండోది నిజమైనా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. పైకి వెళ్లే ముందు మన కాగితం మనం చూసుకోవాలని ఎవరో చెబితే విన్నాం గానీ, ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఇక రెండో పని. జూన్ 10న కొత్త మేనేజరు గారికి ఒక అర్జీ రాసి ఇచ్చాం. ఒక పేజీ. ఏ తేదీన ఎంత కట్టాం, ఏది మా ఖాతాలో కనపడలేదు, మార్చి స్లిప్పులో నంబరు మేమే తప్పు రాశాం, రెండింటినీ సరిచేయమని కోరుతున్నాం. వెనక జిరాక్సులు పెట్టాం. రెండో కాపీ మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకం చేయించుకున్నాం. ఈ ముద్ర కాపీ లేకుండా పైకి వెళ్తే అక్కడ అడిగే మొదటి మాట "కింద ఇచ్చారా?" అని. ఇచ్చామని నోటితో అంటే చెల్లదు. గ్రామ సమాఖ్యలో కూడా తీర్మానం రాయించి, ఏపీఎం గారికి చెప్పాం. బ్యాంకు వాళ్లను దాటకూడదని చూస్తూ మన వాళ్లను దాటేస్తే అదీ తప్పే కదా.

మూడు వారాలు ఆగాం. ఏమీ కదల్లేదు. జూలై 1న మళ్లీ వెళ్లాం. ఇన్నాళ్లూ అడిగినట్టు "ఎప్పుడు చేస్తారు సార్" అని అడగలేదు. "సార్, ఇది మీ చేతుల్లో పనేనా, ఇంకెవరైనా చేయాలా?" అని అడిగాం.

ఆయన కాసేపు కంప్యూటరు చూసి, చెప్పడం మొదలుపెట్టారు. "అమ్మా, ఇవి ఫిబ్రవరి, మార్చి ఎంట్రీలు. మార్చి 31తో సంవత్సరం లెక్క మూసేశాం. మూసేసిన లెక్కలో ఎంట్రీ వెనక్కి తిప్పాలంటే రీజినల్ ఆఫీసు అనుమతి కావాలి. నేను ఫోనులో చెప్పాను, రాసి పంపమన్నారు, పని ఒత్తిడిలో పంపలేదు" అన్నారు. ఆయన ముఖం చిన్నబోయింది.

అంటే పాత సారు గానీ ఈ సారు గానీ పని ఎగ్గొట్టలేదు. ఆ పని వాళ్ల బల్ల మీద తెమిలేదే కాదు. ఆ మాట పాత సారు మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. పైవాళ్ల దగ్గరికి వెళ్లడమంటే కిందవాళ్ల మీద చాడీ చెప్పడమేనని అప్పటిదాకా మేము అనుకున్నాం. అనుమతి ఇచ్చే మనిషి పైన ఉన్నాడు కాబట్టి అడిగే కాగితం అక్కడికి పోవాలి. ఆయన చెప్పాక అంతే అనిపించింది.

అప్పుడు ఇలా అన్నాం: "సార్, మీకు పని ఎక్కువ. ఆ ఉత్తరం మేమే రీజినల్ మేనేజరు గారి పేరున రాస్తాం. మీరు ఒకసారి చూసి, మీ ద్వారానే పంపండి. మీకు తెలియకుండా ఏదీ పంపం." ఆయన సరేనన్నారు. ముందుగా చెప్పడంలోనే సగం ఉందని మా నమ్మకం. పై ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు ఆయనకు అది కొత్త కబురు కాకూడదు. ఏ అధికారికైనా ఎక్కువ బాధ పెట్టేది అదే. ఆ మాటకొస్తే మాకూ అంతే. పోయిన ఏడాది మా సంఘంలో ఒకామె పొదుపు లెక్క మీద అనుమానం వచ్చి మమ్మల్ని అడక్కుండా నేరుగా సమాఖ్యకు వెళ్లింది. లెక్క సరిగ్గానే ఉంది, ఆమె అడగడమూ న్యాయమే. అయినా సమాఖ్య నుంచి పిలుపు వస్తే ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఉత్తరం ఇలా రాశాం. మొత్తం చదువుతాం, కావలసిన వాళ్లు రాసుకోండి.

"గౌరవనీయులైన రీజినల్ మేనేజరు గారికి, బ్రాంచి మేనేజరు గారి ద్వారా. విషయం: మా సంఘం అప్పు ఖాతాకు రెండు కంతులు సర్దుబాటు చేయుటకు అనుమతి కోరుట. అయ్యా, మేము ఫిబ్రవరి 6న 16,500 రూపాయలు, మార్చి 7న 16,500 రూపాయలు బ్రాంచిలో కట్టాము. ఇవి మా ఖాతాలో కాక అదే పేరు గల మరో సంఘం ఖాతాలో జమ అయినవి. ఫిబ్రవరి స్లిప్పులో ఖాతా నంబరు సరిగా ఉన్నది. మార్చి స్లిప్పులో ఒక అంకె మేము పొరపాటుగా రాసినాము. ఈ విషయం జూన్ 10న బ్రాంచిలో రాసి ఇచ్చినాము. ఎంట్రీలు గత ఆర్థిక సంవత్సరానివి అయినందున తమరి అనుమతి అవసరమని బ్రాంచి మేనేజరు గారు మాకు వివరంగా తెలియజేసినారు. దీనివల్ల మా సంఘం రెండు కంతులు బాకీ ఉన్నట్టు చూపుతున్నది, సున్నా వడ్డీకి, కొత్త అప్పుకు ఆటంకముగా ఉన్నది. ఆగస్టు 10 కంతులోపు అనుమతి ఇప్పించగోరుతున్నాము. జతపరచినవి: రెండు స్లిప్పుల జిరాక్సులు, ఖాతా స్టేట్‌మెంటు, జూన్ 10 అర్జీ కాపీ, సంఘం తీర్మానం."

కింద పదకొండు మంది సంతకాలు. "నకలు: బ్రాంచి మేనేజరు గారికి, ఏపీఎం గారికి."

మొదట మా చెల్లెలు వరస అమ్మాయి రాసిన చిత్తులో "ఎన్నిసార్లు తిరిగినా పట్టించుకోలేదు" అని ఉంది, "బ్యాంకు నిర్లక్ష్యం వల్ల" అని ఉంది. రెండూ కొట్టేశాం. తిరిగింది నిజమే. కానీ నిర్లక్ష్యం అని మనం రాస్తే, పైవారు మొదట చేసేది కిందివారిని సంజాయిషీ అడగడం. అది వచ్చి, పోయి, దాని మీద రాసి, మన అనుమతి వెనక్కి పోతుంది. పైగా ఆ ఫిబ్రవరి ఎంట్రీ ఎవరు వేశారో మనం చూశామా? చూడలేదు. చూడనిది రాయకూడదు. తేదీ, డబ్బు, ఎక్కడ పడింది, ఏం కావాలి, ఎప్పటిలోపు, ఇవి మనం చూపించగలిగినవి. అలాగని తిరిగిన సంగతి దాచలేదు కూడా. జూన్ 10 అర్జీ కాపీ జత చేశాం కదా, తేదీ చూసిన వాళ్లకు ఎన్నాళ్లైందో అదే చెబుతుంది.

మేనేజరు గారు చదివి ఒక్క మాట మార్చారు. "డబ్బు తిరిగి ఇప్పించండి" అని మేము రాసిన చోట "సర్దుబాటు చేయుటకు అనుమతి" అని రాయమన్నారు. డబ్బు తిరిగి ఇవ్వడం వేరే పని, దానికి వేరే అధికారి ఉంటారట. ఆ మాట మార్చకుండా పంపి ఉంటే మా కాగితం తప్పు బల్ల మీద కూర్చునేది. జూలై 4న ఆయన ఒక కవరింగు లెటరు జత చేసి పంపారు. పంపిన తేదీ, నంబరు మా కాపీ మీద రాయించుకున్నాం. "సోమవారం ఒకసారి కనుక్కుంటాం సార్" అని చెప్పి వచ్చాం, సోమవారం కనుక్కున్నాం. ఆ తర్వాత వారానికి ఒక్కసారే. రోజూ ఫోను చేస్తే ఎత్తడం మానేస్తారు.

జూలై 16న ఫిబ్రవరి కంతు మా ఖాతాలోకి వచ్చింది. దాని మీద పడిన అపరాధ వడ్డీ కూడా తీసేశారు. ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. మార్చి కంతు మేము రాసిన నంబరు ప్రకారమే పడింది కాబట్టి, దాన్ని తీయాలంటే ఆ పక్క ఊరి సంఘం ఒప్పుకోలు ఉత్తరం కావాలన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లాం. మొదట వాళ్లకు కోపం వచ్చింది. వాళ్ల కంతులు ముందే కట్టినట్టు చూపిస్తోంది కదా, ఒక నెల కట్టలేదట. ఇప్పుడు ఆ డబ్బు వెనక్కి పోతే వాళ్లు బాకీ పడతారు. వాళ్ల లీడరక్క ఇక్కడే ఉంది, నవ్వుతోంది. మా ఏపీఎం గారు రెండు సంఘాలను కూర్చోబెట్టి, వాళ్లు ఆ కంతు సర్దుకోవడానికి రెండు నెలల గడువు మాట్లాడారు. సెప్టెంబరులో పూర్తయింది. ఆ రెండో కంతు మీద అపరాధ వడ్డీ మేమే పెట్టుకున్నాం. తప్పు మాది.

నర్సింగు పాప ఫీజుకు ఆ కొత్త అప్పు అందలేదు. గ్రామ సమాఖ్య నుంచి చేబదులు ఇచ్చి కట్టించాం. ఆ నెలల సున్నా వడ్డీ ఇంకా రాలేదు. ఆ కాగితం ఏపీఎం గారి ద్వారా జిల్లా ఆఫీసులో ఉంది.

ఒక మాట మాత్రం మరిచిపోకుండా చెప్పాలి. ప్రతిదానికీ ఈ దారి కాదు. పొరపాటుకు, ఆలస్యానికి, అనుమతి లేక ఆగిన పనికి ఈ దారి. ఎవరైనా తెలిసి డబ్బు తిన్నారని, సంతకం దొంగతనంగా వేశారని, లంచం అడిగారని కాగితం చూపిస్తుంటే "మీ ద్వారా పంపండి సార్" అని ఆ మనిషి చేతికే కాగితం ఇవ్వకండి. అది నేరుగా సమాఖ్యకూ పై ఆఫీసుకూ ఒకేసారి వెళ్లాలి. అలాగే, బ్యాంకుకు రాసి ఇచ్చి 30 రోజులు దాటినా జవాబు లేకపోతే, లేదా ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఎలా రాయాలో చెబుతారు. అక్కడా మొదట అడిగేది మీ ముద్ర కాపీనే. మా 30 రోజులు జూలై 10కి అయ్యేవి. మేనేజరు గారికి ఆ మాట మేము అనలేదు. అప్పటికే పని కదులుతోంది, అది అంటే బెదిరించినట్టు ఉండేది. కదలకపోతే చెప్పేవాళ్లం, ముందుగా ఆయనకు చెప్పే వెళ్లేవాళ్లం.

పని అయ్యాక రీజినల్ ఆఫీసుకు ఒక చిన్న ఉత్తరం రాశాం. అనుమతి ఇచ్చినందుకు కృతజ్ఞతలు, బ్రాంచి మేనేజరు గారు వివరం చెప్పి పంపినందువల్ల తొందరగా జరిగింది అని. నకలు ఆయనకు ఇచ్చాం. ఆయన దాన్ని చదివి సొరుగులో పెట్టుకున్నారు.

ఇప్పుడు మా స్లిప్పులన్నీ ఇద్దరు రాస్తున్నాం. ఒకరు రాస్తే ఒకరు అంకెలు పైకి చదువుతారు. సంఘం పేరు పక్కన ఊరి పేరు కూడా రాస్తున్నాం. ఉత్తరం కాపీ, ముద్ర కాపీ మా యానిమేటరు దగ్గర ఫైలులో ఉన్నాయి. భోజనాల తర్వాత చూడాలనుకున్న వాళ్లు ఆమెను అడగండి.